వీసా కోసం ఎదురుచూస్తూ పెళ్లిరోజు సందేశం రాయడం ఎలా?

పెళ్లై ఏడాదో రెండేళ్లో గడిచినా ఒకరు శ్రీకాకుళంలో, మరొకరు అమెరికాలో ఉండిపోయిన జంటలు మన జిల్లాలో తక్కువేమీ కాదు. అలాంటివారికి పెళ్లిరోజు దగ్గరపడుతుంటే రాయడానికి మాటలు కరువవుతాయి. శుభాకాంక్షలు అని ఊరుకుంటే పొడిగా ఉంటుంది. మనసులో ఉన్నదంతా రాస్తే అది ఫిర్యాదుగా మారుతుంది. పైగా ఈ సందేశం భర్త చదివి దాచుకునే ఉత్తరంగానే మిగిలిపోకపోవచ్చు. రేపు ఇంటర్వ్యూలో మీ కాపురం నిజమైనదేనని చూపే కాగితాలలో ఇదీ ఒకటి కావచ్చు. ఆ రెండు సంగతులనూ దృష్టిలో పెట్టుకుని ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చెబుతాను.

భర్త డాలస్‌లో గ్రీన్ కార్డుపై ఉద్యోగం చేస్తున్నాడనీ, భార్య శ్రీకాకుళంలో అత్తమామల దగ్గర ఉంటోందనీ, రానున్నది రెండో పెళ్లిరోజనీ అనుకుందాం. గ్రీన్ కార్డు ఉన్న వ్యక్తి భార్యకు వచ్చే కోటాను ఎఫ్2ఏ అంటారు. భార్య అక్కడ నర్సుగానో మరో ఉద్యోగంలోనో ఉండి, భర్త ఇక్కడ ఎదురుచూస్తున్న ఇళ్లు కూడా ఉన్నాయి. వారికీ ఇదే పద్ధతి, పిలుపు ఒక్కటే మారుతుంది.

ముందుగా తేదీ తేల్చుకోండి

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, మన పెళ్లిళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన ముహూర్తాలలో చాలావరకు అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. శుభలేఖలో "ఫిబ్రవరి 18వ తేదీ రాత్రి, తెల్లవారితే 19, గం. 2.48 ని.లకు" అని అచ్చువేస్తారు. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక ఇంట్లోవాళ్లందరికీ అది 18వ తేదీ పెళ్లే. అత్తగారు పరమాన్నం వండేదీ, బంధువులు ఫోన్లు చేసేదీ 18నే. క్యాలెండరు లెక్కలో మాత్రం మంగళసూత్రం కట్టింది 19న. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చిన వివాహ ధ్రువపత్రంలో ఈ రెండింటిలో ఏది పడిందో, దరఖాస్తు చేసిన రోజు ఫారంలో ఎవరు ఏది రాశారో చాలామందికి గుర్తే ఉండదు.

కాబట్టి సందేశం మొదలుపెట్టకముందే బీరువాలోంచి ఆ ధ్రువపత్రం తీసి తేదీ చూడండి. మిమ్మల్ని రప్పించుకోవడానికి భర్త అమెరికాలో దాఖలు చేసిన ఐ-130 పిటిషనులోనూ అదే తేదీ ఉందేమో అడిగి తెలుసుకోండి. రెండూ ఒకటైతే ఇక అదే మీ పెళ్లిరోజు. సందేశం ఆ తేదీనే పంపండి. ఇంట్లో ముందురోజు చేసుకుంటే ఆ మాట కూడా సందేశంలో ఒక వాక్యంగా రాసేయండి. దానితో 18న పెట్టిన ఫొటోలకూ, 19 అని ఉన్న ధ్రువపత్రానికీ మధ్య తేడా ఎందుకో మీ మాటల్లోనే నమోదైపోతుంది. ఇంటర్వ్యూ అధికారి పెళ్లి ఎప్పుడు జరిగిందని అడగడం మామూలే. అప్పుడు తడబడి 18 అని, వెంటనే 19 అని సవరించుకునేవారు అనవసరంగా అనుమానం కొనితెచ్చుకుంటారు. ధ్రువపత్రంలో ఒకటి, పిటిషనులో మరొకటి ఉంటే మాత్రం సందేశం సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు భర్త ద్వారా పిటిషను సరిచేయించుకోవాలి.

రెండో పెళ్లిరోజుకు ఈ తేదీ మరింత ముఖ్యం. భార్య అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఆమెకు రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్ కార్డే ఇస్తారు. ఆ గడువు ముగిసే ముందు 90 రోజులలో భార్యాభర్తలిద్దరూ కలిసి ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 దాఖలు చేసి, తమ కాపురం నిజమైనదని మరోసారి నిరూపించుకోవాలి. రెండేళ్లు నిండాక అడుగుపెడితే షరతులు లేని పదేళ్ల కార్డు వస్తుంది. అంటే ఎదురుచూపులో రెండో పెళ్లిరోజు దాటిన జంటకు ఆ ఒక్క పని తప్పినట్టే. ఎదురుచూపులో సంతోషపడదగిన సంగతి ఇంతకుమించి నాకైతే కనబడదు. సందేశంలో దీన్ని సరదాగా ఒక మాటగా వాడుకోవచ్చు.

మీ ఫైలు ఏ దశలో ఉందో తెలుసుకుని రాయండి

వీసా గురించి ఒక్క ముక్క కూడా లేకుండా రాస్తే కృత్రిమంగా ఉంటుంది. అదే నిండితే ఉత్తరం పాడవుతుంది. రెండు మూడు వాక్యాలు చాలు, అవి నిజమై ఉండాలి. అందుకు మీ ఫైలు ఎక్కడుందో మీకే తెలియాలి.

ఎఫ్2ఏలో ఐ-130 అందిన రోజే మీ ప్రయారిటీ డేట్. పిటిషను ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటరుకు, అంటే అందరూ ఎన్‌వీసీ అనే చోటుకు వెళుతుంది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వెలువరించే వీసా బులెటిన్‌లో మీ కోటాకు ఇచ్చిన తేదీ మీ ప్రయారిటీ డేట్‌ను దాటేవరకు వీసా ఇవ్వరు. ఆ తేదీ నెలనెలా ముందుకే జరుగుతుందని నమ్మకం లేదు. కొన్నిసార్లు కదలకుండా ఉంటుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. ఫీజులు, వీసా దరఖాస్తుగా నింపే డీఎస్-260 ఫారం, వివాహ ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్, భర్త ఇచ్చే ఐ-864 పోషణ హామీ పత్రం, ఆ తరువాత వైద్య పరీక్ష, చివరికి ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, ఇదీ వరుస. భర్త గ్రీన్ కార్డుపై కాక హెచ్-1బీపై ఉంటే మీది హెచ్-4 అవుతుంది. దానికి ఈ కోటా వరుస ఉండదు, అపాయింట్‌మెంటు దొరకడమే సమస్య.

ఇదంతా సందేశంలో రాయమని కాదు. "వచ్చే పెళ్లిరోజుకు తప్పకుండా మీ పక్కనే ఉంటాను" అని ఎందుకు రాయకూడదో తెలియడానికి చెబుతున్నాను. తేదీ వెనక్కి పోయిన నెలలో ఆ వాక్యమే ఇద్దరికీ గుచ్చుకుంటుంది. మన చేతిలో లేని తేదీకి మాట ఇవ్వడం కన్నా "ఫైలు ఎన్‌వీసీకి చేరింది, ఇంక మన తేదీ రావాలి" అని రాయడం మేలు.

మొదటి చిత్తుప్రతి రాసి, దాన్ని కొట్టేయండి

మనసులో ఉన్నది ఉన్నట్టుగా ముందు ఒక కాగితంపై రాసేయండి, ఫోనులో వద్దు. ఫోనులో అయితే వేలు జారి పంపేసే ప్రమాదం ఉంది. చాలామంది మొదటిసారి రాసేది ఇలా ఉంటుంది:

"నా ప్రాణానికి పెళ్లిరోజు శుభాకాంక్షలు. మీరు లేని జీవితం నరకంలా ఉంది. ఈ వీసా అసలు వస్తుందో రాదో, ఎన్నాళ్లిలా? మీ ఫ్రెండ్ వాళ్లావిడ విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోయిందట, మనమూ అలాగే చేద్దామా? లేకపోతే మీరే ఉద్యోగం మానేసి వచ్చేయండి. వచ్చే ఏడాది ఈపాటికి మాత్రం మనం కలిసే ఉంటాం, ఒట్టు."

ఈ బాధ అబద్ధం కాదు. కాని వాక్యం వాక్యంగా చూస్తే దీనిలో నిలిచేది మొదటి వాక్యం ఒక్కటే. "నరకం" అన్న మాట ఎవరైనా ఎవరికైనా రాయగలిగినది. దానిలో మీ ఇల్లు లేదు, మీ ఆయన లేడు. చదివిన మనిషికి అంత దూరాన ఉండి చేయగలిగింది ఏమీ లేక మనసు చివుక్కుమనడం తప్ప మరేమీ మిగలదు.

విజిటర్ వీసా మాట మరీ ప్రమాదకరం. విజిటర్ వీసా తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నవారికి ఇచ్చేది. అక్కడే ఉండిపోవాలని ముందే అనుకుని దాని మీద వెళ్లడం అధికారిని మోసగించడం కిందకే వస్తుంది. ఉద్దేశం లేకపోయినా, చిరాకులో అన్న ఆ మాట మీ చేతిరాతతోనో మీ ఫోను నంబరుతోనో ఉండిపోతుంది. దాన్ని కాగితం మీద నుంచే కాదు, ఆలోచనలోంచి కూడా తీసేయండి.

ఉద్యోగం మానేసి రమ్మనడం కూడా అటువంటిదే. భర్త ఇచ్చే ఐ-864కు అతని ఆదాయం, అతను అమెరికాలోనే నివాసం ఉండటం రెండూ ఆధారం. అతను అన్నీ సర్దుకుని వచ్చేస్తే మీ దరఖాస్తుకు కాళ్లు విరిచినట్టే. నిజంగానే ఇద్దరూ ఇక్కడే ఉందామన్న ఆలోచన ఉంటే తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయమది, పెళ్లిరోజు సందేశంలో విసరవలసినది కాదు.

ఆ ఏడాదిలోంచి మూడు సంగతులు ఏరుకోండి

మంచి సందేశానికి సరుకు కావాలి. పోయిన పెళ్లిరోజు నుంచి ఈ పెళ్లిరోజు వరకు జరిగినవాటిలో మూడు చాలు. మొదటిది, అతను లేకుండానే ఇంట్లో మీరు చక్కబెట్టిన ఒక పని. రెండోది, అతను దూరం నుంచే చేసిన ఒక మేలు, ముఖ్యంగా మీరు అప్పట్లో కృతజ్ఞత చెప్పని మేలు. మూడోది, అతనికి ఊరు గుర్తుకొచ్చే ఒక దృశ్యం. రథసప్తమికి అరసవల్లి వెళ్లే దారిలో జనం కావచ్చు, ఏడు రోడ్ల కూడలిలో మీరిద్దరూ ఆగిన బజ్జీల బండి కావచ్చు, వానాకాలంలో నాగావళి వంతెన మీద నుంచి చూసిన ఎర్రనీళ్లు కావచ్చు. విజయనగరం వారైతే గంటస్తంభం దగ్గరి రద్దీనో, పైడితల్లమ్మ సిరిమానునో తలచుకుంటారు. ఒకటే తీసుకోండి. నాలుగైదు పేర్చితే అది పర్యాటక శాఖ కరపత్రంలా తయారవుతుంది.

రెండో సంగతిని తేలిగ్గా తీసుకోవద్దు. దూరంగా ఉన్న మనిషికి తాను ఇంటికి పనికిరాకుండా పోతున్నానన్న దిగులు ఉంటుంది. డబ్బు పంపినందుకు చెప్పే కృతజ్ఞత ఆ దిగులును తీర్చదు. ఫలానా రోజు ఫలానా పని చేశారు, దానివల్ల ఇక్కడ ఇలా జరిగింది అని చెబితే తీరుతుంది.

పిలుపు విషయంలో కొత్తదనం వద్దు. రోజూ "ఏమండీ" అనేవారు అదే రాయాలి. మేనరికమైతే "బావా" అనే రాయాలి. ఏడాదంతా మీరు అని పిలిచి పెళ్లిరోజున మాత్రం ఇంగ్లీషు కార్డులో మాటలు దింపితే ఆ సందేశం మీరు రాసినట్టు ఉండదు, చదివే అధికారికి సైతం. అలాగే ఇది అధికారి చదువుతాడేమో అని గుర్తుంచుకోవాలి తప్ప, అధికారి కోసం రాయకూడదు. "మన వివాహం చట్టబద్ధమైనది, మన ప్రేమ నిజమైనది" వంటి వాక్యాలు ఏ భార్యా భర్తకు రాయదు. అవి కనబడితే మిగతా కాగితాలపై కూడా అనుమానం వస్తుంది.

ఈ విధంగా తిరగరాస్తే పై ఉదాహరణలోని సందేశం ఇలా తయారవుతుంది:

"ఏమండీ,

పెళ్లిరోజు శుభాకాంక్షలు. ఇంట్లోవాళ్లకు మన పెళ్లిరోజు నిన్ననే అయిపోయింది. అత్తయ్య పరమాన్నం చేసి, మీ వాటా కూడా నాకే వడ్డించారు. సర్టిఫికెట్ ప్రకారం మాత్రం ఈరోజే, అందుకే మీకు ఈరోజు రాస్తున్నాను.

మన గది కిటికీ రెక్కకు కొత్త బందులు వేయించాను. మొన్న గాలివానకు కూడా కొట్టుకోలేదు. మేస్త్రీ రెండు వందలు ఎక్కువ అడిగితే మావయ్య బేరమాడారు, తరువాత ఆయనే టీ తాగమని ఇరవై ఇచ్చారు.

డిసెంబరులో మావయ్యకు కళ్లు తిరిగి పడిపోయినప్పుడు మీరు నిద్ర మానుకుని డాక్టరుగారితో అరగంట మాట్లాడారు. ఆయన రాసిన మాత్రలు ఏవి ఎప్పుడు వేయాలో మీరే కాగితం మీద రాసి ఫొటో పంపారు. ఆ కాగితం ఇప్పటికీ వంటింటి గోడకు అంటించే ఉంది. ఆరోజు కంగారులో మీకు ఒక్క మాట కూడా చెప్పలేదు. మీరు ఉండబట్టే నేను ధైర్యంగా ఉన్నాను.

రథసప్తమికి అరసవల్లి వెళ్లాం. మీరు పోయినసారి చెప్పులు పోగొట్టుకున్న చోటే అత్తయ్య ఆగి, 'వీడు ఇక్కడే కదే' అని నవ్వారు.

మన ఫైలు ఎన్‌వీసీకి చేరింది, ఇంక మన తేదీ రావాలి. రెండేళ్లు నిండాయి కాబట్టి ఎప్పుడొచ్చినా నాది పదేళ్ల కార్డే, ఆలస్యంలో ఇదొక్కటి మనకు మిగిలింది. బులెటిన్ వచ్చిన రోజు ఒకసారి చూసుకుందాం, మిగతా రోజులు దాని ఊసు వద్దు.

సాయంత్రం ఏడింటికి మేడ మీద ఉంటాను. డ్యూటీకి బయలుదేరే ముందు వీడియో కాల్ చేయండి. ఆ నీలం చొక్కా వేసుకోండి, అత్తయ్య చూస్తానంటున్నారు."

దీనిలో ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు, ఉన్నా తప్పు కాదు. మీకు రోజూ అలవాటైతే రాయండి. వీసా గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. అవి కూడా చివరికి దగ్గరగా ఉన్నాయి, కాని చివర లేవు. ముగింపు ఆ సాయంత్రం ఇద్దరూ చేయగలిగే ఒక పని మీద ఉంది. ఎదురుచూసే జంట సందేశం తేదీ తెలియని భవిష్యత్తు మీద ముగిస్తే బరువుగా ఉంటుందని నా అభిప్రాయం.

పంపే వేళ

డాలస్ శీతాకాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు పదిన్నర గంటలు. మనవాళ్లు అలవాటుగా అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే పంపేస్తారు. ఫిబ్రవరి 19 మొదలయ్యే ఆ క్షణానికి డాలస్‌లో 18వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నర. అతను పనిలో ఉంటాడు, భోజనం మధ్యలో చూసి ఒక బొమ్మ పెట్టి వదిలేస్తాడు. ఇక్కడ మీరు రెండు నీలి గీతలు చూస్తూ మేలుకుని కూర్చుంటారు.

అతని ఉదయాన్ని పట్టుకోండి. 19న మనకు సాయంత్రం ఆరు అయ్యేసరికి అక్కడ అదే తేదీ ఉదయం ఆరున్నర. లేవగానే చదువుతాడు, మన ఏడింటికి మీకు ఫోను చేయడానికి అతనికి వీలుంటుంది. రాత్రి షిఫ్టులో ఉండేవారైతే లెక్క తిరగేసుకోవాలి. మరో తమాషా ఏమిటంటే, తెల్లవారుజామున 2.48కి ఇక్కడ తాళి కట్టిన సమయానికి డాలస్‌లో తేదీ ఇంకా 18. అక్కడి గడియారం అత్తగారి పంచాంగంతోనే ఏకీభవిస్తుంది.

వేళ మరచిపోతామని భయమైతే జీమెయిల్‌లో షెడ్యూల్ చేసి పెట్టవచ్చు. ఇంటి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ సందేశం పెట్టకండి. అక్కడ ఒక ఫొటో, ఒక నమస్కారం చాలు. గ్రూపులో పెడితే మేనత్తలూ పెదనాన్నలూ కలిసి వీసా ఎప్పుడొస్తుందన్న చర్చ మొదలుపెడతారు, ఆ రోజంతా దానితోనే సరిపోతుంది.

పంపాక దాచుకోవడం

పంపే ముందే మీ ఇద్దరి చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ అయి ఉందేమో చూసి తీసేయండి. అది ఉంటే మీరు పెట్టుకున్న గడువు తీరగానే సందేశం మాయమవుతుంది. తరువాత స్క్రీన్‌షాట్ తీయండి. అందులో పేరు, తేదీ, అతను ఇచ్చిన జవాబు కనబడాలి. జవాబు లేని సందేశం ఒక్కటే చూపితే ఒకవైపు కథే అవుతుంది. ఆరోజు వీడియో కాల్ జరిగిన గుర్తు, ఇంట్లో తీసుకున్న ఒక ఫొటో కూడా అదే ఫోల్డరులో వేసి, దానికి పెళ్లిరోజు తేదీనే పేరుగా పెట్టండి. ఏటా ఇలా ఒక్కో ఫోల్డరు ఉంటే ఇంటర్వ్యూకు వెళ్లేనాటికి వందల పేజీల చాట్ అచ్చువేయించవలసిన అవసరం రాదు. వందల పేజీలు అధికారి చదవడు కూడా.

సందేశం తెలుగులో ఉంది కనుక దానికి ఇంగ్లీషు అనువాదం ఒక పేజీ జతచేయండి. రెండు భాషలూ వచ్చిన వ్యక్తి దాన్ని అనువదించి, తనకు రెండు భాషలూ వచ్చుననీ, అనువాదం సరైనదేననీ కింద రాసి సంతకం, తేదీ, చిరునామా ఇవ్వాలి. మీరిద్దరూ కాక మూడో మనిషి చేయడం మంచిది. తెలిసిన ఇంగ్లీషు మాస్టారుంటే అడగవచ్చు. చెప్పుల సంగతి, పరమాన్నం సంగతి ఇంగ్లీషులో బాగుండదని ఆయన తీసేస్తానంటే ఒప్పుకోకండి. అసలులో ఉన్నదంతా అనువాదంలో ఉండాలి. అసలు సందేశాన్ని మాత్రం తరువాత ఎప్పుడూ దిద్దకండి. అక్షరదోషాలు ఉంటే ఉండనివ్వండి.